ఒక ముఖానికి మూడు పేర్లు

దసరాకి ముందు మా కళ్లజోళ్ల షాపుకి ఒక అమ్మాయి వాళ్ల అమ్మమ్మని వెంటబెట్టుకుని వచ్చింది. ఇంజనీరింగ్ చివరి ఏడాది చదువుతోంది. పెట్టుకున్న జోడు తీసుకుని ఆరు నెలలే అయిందట, అప్పుడే మార్చాలంటోంది. "అక్కా, అసలు నాది ఏ ఫేస్ షేపో నాకు అర్థం కావట్లేదు. ముందు అది తేలితే ఫ్రేము తీసుకుంటా" అంది.

ఎందుకు తేలలేదో కూడా తనే చెప్పింది. అమ్మమ్మ చిన్నప్పటి నుంచీ చందమామ లాంటి ముఖం అంటోంది, అంటే గుండ్రం. సెల్ఫీ తీసుకుని దాని మీద గీతలు గీసి ఫేస్ షేపుల చార్టుతో పోల్చుకుంటే హార్ట్ షేప్ అని వచ్చింది. నమ్మకం కుదరక కుట్టుమిషన్ డబ్బాలోంచి టేపు తీసి కొలుచుకుంటే త్రికోణం అని వచ్చింది. ఆరు నెలల కిందట కొన్న ఫ్రేము అమ్మమ్మ మాట ప్రకారం కొన్నదే. గుండ్రటి ముఖానికి కోణాలున్న సన్నటి ఫ్రేము బాగుంటుందని ఎక్కడో చదివి, పలకలా అడ్డంగా పొడుగ్గా ఉన్నది తీసుకుంది. అది రోజంతా ముక్కు మీంచి జారుతూనే ఉంటుంది.

తెనాలిలో ఈ కౌంటర్ వెనక నిలబడి పద్నాలుగేళ్లయింది. "నాది రౌండ్ ఫేస్", "మా వాడిది స్క్వేర్ ఫేస్" అంటూ వచ్చేవాళ్లు ఇప్పుడు బాగా ఎక్కువయ్యారు. వాళ్లు కొలుచుకోవడం నాకు ఇష్టమే. కానీ కొలిచిన అంకెలన్నిటినీ ఒక్క పేరులోకి మార్చేసి, ఆ అంకెల్ని పారేసి పేరు మాత్రం పట్టుకుని వస్తారు. ఫ్రేము కూర్చోవడానికి పనికొచ్చేది వాళ్లు పారేసిన ఆ అంకెలే.

ఆ అమ్మాయికి వచ్చిన మూడు పేర్లలో సెల్ఫీ సంగతి ముందు చూద్దాం. చెయ్యి కాస్త పైకెత్తి, ఫోన్ ముఖానికి ఒక అడుగు దూరంలో పెట్టి తీసుకుంది. అంత దగ్గర నుంచి తీస్తే కెమెరాకి దగ్గరగా ఉన్న భాగం పెద్దగా, దూరంగా ఉన్నది చిన్నగా పడుతుంది. అమెరికాలో ముఖ శస్త్రచికిత్సలు చేసే వైద్యులు 2018లో దీన్ని లెక్కగట్టారు. ఐదు అడుగుల దూరం నుంచి తీసిన ఫొటోతో పోలిస్తే ఒక అడుగు దూరం నుంచి తీసిన దాంట్లో ముక్కు సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని తేల్చారు. ఈ అమ్మాయి ఫోన్ పైన పెట్టింది కాబట్టి నుదురు కెమెరాకి దగ్గరైంది, గడ్డం దూరమైంది. పైన వెడల్పు, కింద సన్నం. అదే హార్ట్ షేప్. కింద నుంచి తీసి ఉంటే అదే ముఖానికి పెద్ద దవడ వచ్చేది. ఫొటో మీద కొలవాలనుకుంటే ఫోన్‌ని కళ్ల ఎత్తులో ఎక్కడైనా నిలబెట్టి, కనీసం ఐదు అడుగులు వెనక్కి జరిగి, తల ఫొటో మధ్యలో పడేలా తీయాలి. అప్పుడు కూడా దాంట్లో నిష్పత్తులే తెలుస్తాయి, సెంటీమీటర్లు తెలియవు.

టేపు సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది, ఎందుకంటే తప్పు ఆ అమ్మాయిది కాదు, తను చూసిన పద్ధతిదే. చాలా చార్టుల్లో దవడ కొలవడం ఇలా రాసి ఉంటుంది: గడ్డం కొన నుంచి చెవి కింద దవడ మలుపు దాకా టేపు పట్టి, వచ్చినదాన్ని రెండుతో గుణించండి. తనకి 10 సెంటీమీటర్లు వచ్చింది, రెండింతలు 20. చెంపల మీదుగా ముక్కు ఎక్కి దిగేలా టేపు పరిస్తే 17, నుదుటి మీద 13. ఇరవై అన్నిటికన్నా పెద్దది కాబట్టి త్రికోణం. కానీ ఆ ఇరవై దవడ వెడల్పు కానే కాదు. అది దవడ అంచు పొడవు. చెరువు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఎంత అని అడిగితే గట్టు చుట్టూ నడిచి లెక్క చెప్పినట్టు. చెంపల 17 కూడా అంతే, ముక్కు ఎత్తు అందులో కలిసిపోయింది. ముఖానికి కావలసింది ఈ పక్క నుంచి ఆ పక్కకి నేరుగా ఉన్న దూరం. టేపుతో అది రాదు.

నేను లేత్ పనివాళ్లు వాడే అవుట్‌సైడ్ కాలిపర్ వాడతాను. వంకర కాళ్లు రెండూ లోపలికి తిరిగి ఉంటాయి, హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. కొనలకి రబ్బరు తొడుగులు వేసుకున్నాను. ఇంట్లో అయితే అట్ట గట్టిగా ఉన్న పుస్తకాలు రెండు చాలు. కొలిపించుకునే మనిషి కుర్చీలో నిటారుగా కూర్చోవాలి, ఇంకొకరు కొలవాలి. ముఖానికి చెరో పక్కన ఒక్కో పుస్తకాన్ని నిలువుగా ఆనించి, రెండింటి మధ్య ఖాళీని స్కేలుతో చూడాలి. ముందు అంచుల మధ్య ఎంతుందో వెనక అంచుల మధ్యా అంతే ఉంటే పుస్తకాలు వంకరపోలేదని అర్థం. ప్రతి కొలతా మూడుసార్లు తీసి మధ్యలో వచ్చిన అంకె రాసుకోవాలి.

చెంపల వెడల్పు దగ్గరే ఎక్కువమంది తడబడతారు. మేకప్ వేసేటప్పుడు మెరుపు అద్దే చోటు, అంటే కంటి చివర కింద ఉబ్బెత్తు, ముఖంలో వెడల్పైన చోటు కాదు. అక్కడి నుంచి వేలితో ఎముకని తడుముకుంటూ చెవి వైపు వెళ్లండి. చెవికి కాస్త ముందు ఒక సన్నటి ఎముక వంతెనలా తగులుతుంది. రెండు పక్కలా ఆ వంతెన బాగా బయటికి వచ్చిన చోట్ల మధ్య దూరమే ముఖం వెడల్పు. దవడకి చెవి తమ్మె కింద వేలు పెట్టి పళ్లు బిగించండి. కండరం ఉబుకుతుంది, దాని కింద వెనకపక్క దవడ మలుపు తెలుస్తుంది. పళ్లు వదిలేశాకే కొలవాలి, లేదంటే ఆ ఉబ్బు కూడా కలుస్తుంది. పుస్తకం పై అంచు చెంప ఎముకకి తగలకుండా కిందికి దించి పట్టుకోవాలి.

నుదురు విషయంలో ఒక చిక్కుంది. కనుబొమలకీ జుట్టుకీ మధ్య, ఈ పక్క జుట్టు నుంచి ఆ పక్క జుట్టు దాకా కొలవమని చార్టులు చెబుతాయి. మనుషుల కొలతలు తీసే శాస్త్రవేత్తలు మాత్రం కణతల దగ్గర నుదురు ఇరుకైన చోట కొలుస్తారు. రెండింటినీ నుదురు వెడల్పు అనే అంటారు. ఏ చోట కొలిచారో పక్కన రాసుకోకపోతే ఇంకొకరి అంకెతో పోల్చుకోలేం. పొడవు కూడా అంతే. జుట్టు మొదలు నుంచి గడ్డం కింది అంచు దాకా తీసుకుంటే, నలభై దాటాక జుట్టు వెనక్కి పోతున్న మగవాళ్ల ముఖం ఏటేటా పొడుగవుతున్నట్టు లెక్క వస్తుంది. ఎముక ఒక్క మిల్లీమీటరు కూడా కదల్లేదు. అందుకే శాస్త్రవేత్తలు కళ్ల మధ్య ముక్కు మొదలయ్యే పల్లం నుంచి గడ్డం దాకా తీసుకుంటారు.

ఆ అమ్మాయిని అలా కూర్చోబెట్టి కొలిచాను. జుట్టు నుంచి గడ్డానికి 17.6 సెంటీమీటర్లు. చెంపల దగ్గర 13, నుదురు జుట్టు నుంచి జుట్టుకి 11.2, దవడ 10.4. పొడవుని వెడల్పుతో భాగిస్తే 1.35.

"అంటే ఏ షేపు అక్కా?" అంది వెంటనే. ఆ కాగితం తన చేతికే ఇచ్చి ఇంకో లెక్క వెయ్యమన్నాను. ఎంత జాగ్రత్తగా కొలిచినా చర్మం మెత్తదనం వల్ల మూడు మిల్లీమీటర్లు అటో ఇటో తేడా వస్తుంది. పొడవు 17.9, వెడల్పు 12.7 అనుకుంటే 1.41. పొడవు 17.3, వెడల్పు 13.3 అనుకుంటే 1.30. ఒక చార్టులో ఈ తేడాకే గుండ్రం కాస్తా కోల అయిపోతుంది, ఇంకో చార్టులో గీత వేరే చోట ఉంటుంది. గుండ్రటి ముఖం అంటే పొడవూ వెడల్పూ సమానం అని చాలా చోట్ల రాస్తారు. జుట్టు నుంచి గడ్డం దాకా కొలిస్తే నిజంగా సమానంగా ఉన్న పెద్దవాళ్ల ముఖం ఇన్నేళ్లలో నా చేతికి రాలేదు. బుగ్గలు నిండుగా ఉంటే గుండ్రంగా అనిపిస్తుంది, అంతే. చందమామ అనడంలో అమ్మమ్మ తప్పేం లేదు. ఆవిడ చూసింది బుగ్గల నిండుదనాన్ని. కానీ ఫ్రేము నిలబడేది బుగ్గల మీద కాదు, ముక్కు మీదా చెవుల మీదా.

పేరు మీద నాకున్న అసలు అభ్యంతరం ఇంకొకటి. 1.35 అని తేలాక కూడా ఆ పొడవు ముఖంలో ఎక్కడుందో తెలియదు. అందుకని నిలువుగా మూడు ముక్కలు కొలిచాను. జుట్టు నుంచి కనుబొమల మధ్య దాకా 5.4, అక్కడి నుంచి ముక్కు కింద దాకా 5.6, అక్కడి నుంచి గడ్డం కింది అంచు దాకా 6.6. పొడవంతా కింద ఉంది. 17.6, 13 కొలతలతోనే ఇంకొకరికి నుదురు 6.6 ఉండి కింది భాగం 5.4 ఉండొచ్చు. చార్టు ఇద్దరికీ ఒకే పేరు పెడుతుంది, ఒకే ఫ్రేము చెబుతుంది. ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెడితే ఎవరూ పోలిక ఉందనరు.

ఈ మూడు భాగాలు మనకి కొత్తేం కాదు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో విగ్రహాల కొలతలు చెబుతూ నుదురు నాలుగు అంగుళాలు, ముక్కు నాలుగు, గడ్డం నాలుగు అన్నాడు. అక్కడ అంగుళం అంటే మన స్కేలు మీది అంగుళం కాదు, ఆ విగ్రహం తాలూకు అంగుళం. విగ్రహం జానెడున్నా నిలువెత్తున్నా దాని కొలత దానిదే. ముఖం పన్నెండు అంగుళాల పొడవు, పన్నెండు వెడల్పు అని చెప్పి, తనకన్నా ముందు శిల్పశాస్త్రం చెప్పిన నగ్నజిత్తు మాత్రం పొడవు పద్నాలుగు అన్నాడనీ అది ద్రావిడ కొలత అనీ కూడా రాశాడు. ఒకే శాస్త్రంలో రెండు నిష్పత్తులు పక్కపక్కన ఉన్నాయి. శిల్పికి ఉలి పెట్టడానికి ఎక్కడికి ఎంత అనేది కావాలి కాబట్టి అదే చెప్పారు.

అయితే మూడు భాగాలూ సమానంగా ఉంటేనే అందం అనుకుంటే అది మళ్లీ చార్టులాంటిదే అవుతుంది. పాశ్చాత్య చిత్రకళలో కూడా ఈ మూడు సమాన భాగాల నియమం ఉంది. కెనడాలో లెస్లీ ఫార్కస్ అనే వైద్యుడు 1985లో తన బృందంతో కలిసి మామూలు యువతీ యువకుల ముఖాలు కొలిచి చూస్తే, ఆ నియమం ప్రకారం ఉన్నవాళ్లు చాలా అరుదని తేలింది. సమానం అనేది శిల్పికి మొదలుపెట్టే గీత. మనకి అది పోల్చుకోవడానికి పనికొస్తుంది, నీ ముఖంలో ఏ ముక్క ఎటు ఎక్కువుందో చెబుతుంది. ఈ అమ్మాయికి కింది ముక్క మధ్య ముక్క కన్నా ఒక సెంటీమీటరు ఎక్కువ. అది లోపం కాదు, ఫ్రేము ఎంచుకోవడానికి కావలసిన సమాచారం.

ఇప్పుడు ఆ పాత జోడు తీసి చూద్దాం. కాడ లోపలివైపు 54□18-140 అని ఉంది. ఒక్కో అద్దం 54 మిల్లీమీటర్లు, మధ్యలో ముక్కు దగ్గర ఖాళీ 18, కాడ పొడవు 140. అద్దాలు రెండు, మధ్య ఖాళీ కలిపితే 126. రెండు చివర్లా కాడలు తగిలించే ముక్కలు కలుపుకుంటే ఫ్రేము మొత్తం 140 దాకా వచ్చింది. తన ముఖం వెడల్పు 130. పక్కల ఒక్కోవైపు అర సెంటీమీటరు ఖాళీ ఉంటే కాడలు తలని పట్టుకోవు, బరువంతా ముక్కు మీద పడుతుంది. అందుకే జారుతోంది. గుండ్రమా కోలా అన్నదానికీ ఈ జారడానికీ సంబంధమే లేదు.

సైటు చూస్తే రెండు కళ్లకీ మైనస్ నాలుగున్నర. కంటిపాపల మధ్య దూరం 60 మిల్లీమీటర్లు. ఫ్రేములో అద్దాల మధ్యబిందువుల దూరం 54కి 18 కలిపితే 72. అంటే తన కంటిపాప ఒక్కోవైపు అద్దం మధ్య నుంచి 6 మిల్లీమీటర్లు ముక్కు వైపుకి ఉంది. మైనస్ అద్దం మధ్యలో పల్చగా, అంచుకి వెళ్లేకొద్దీ మందంగా ఉంటుంది. పల్చటి చోటు కంటిపాప ముందుకి రావాలి కాబట్టి దాన్ని లోపలికి జరుపుతాం, దాంతో చెవి వైపు అంచు ఇంకా దూరమై ఇంకా మందమవుతుంది. మామూలు ప్లాస్టిక్ అద్దంలో మధ్యలో 2 మిల్లీమీటర్లు ఉంచితే, ఈ ఫ్రేములో బయటి అంచు సుమారు 7 మిల్లీమీటర్లు వస్తుంది. చూస్తే అంతే ఉంది.

ఇంకోటి కూడా జరుగుతుంది. మైనస్ అద్దం వెనక ఉన్నది చిన్నగా కనిపిస్తుంది. ఎదురుగా నిలబడి చూస్తే అద్దంలోంచి కనిపించే చెంప అంచు లోపలికి జరిగి, కణత దగ్గర ముఖాన్ని కొరికినట్టు ఒక మెట్టు కనిపిస్తుంది. ఫ్రేము ఎంత బయటికి ఉంటే ఆ మెట్టు అంత ఎక్కువ. ముఖానికి ఏ పేరు పెట్టినా ఆ పేరుకి సైటు సంగతి తెలియదు. పైగా ఆ ఫ్రేము ఎత్తు 30 మిల్లీమీటర్లే. సన్నటి అడ్డగీత పైన పడి, దాని కింద పొడుగ్గా ఉన్న భాగమంతా ఖాళీగా మిగిలిపోయింది. తనకి నచ్చనిది అదే, కానీ అది ముఖం తప్పు అనుకుంటోంది.

నేను తీసిచ్చింది 48□19. మొత్తం వెడల్పు 129 దాకా ఉంటుంది. మధ్యబిందువుల దూరం 67, కాబట్టి కంటిపాప తేడా ఒక్కోవైపు మూడున్నర మిల్లీమీటర్లే. బయటి అంచు సుమారు ఐదున్నరకి దిగుతుంది, ఖరీదైన పల్చటి అద్దం కొనకుండానే. ఎత్తు 39, అందువల్ల కింది గీత కాస్త దిగి ఆ పొడుగు భాగాన్ని కొంత తనలో కలుపుకుంటుంది. ఇది గుండ్రటి మూలలున్న ఫ్రేము. గుండ్రటి ముఖం వాళ్లు గుండ్రటి ఫ్రేము పెట్టుకోకూడదని తను ఇన్నాళ్లూ దాన్ని ముట్టుకోనే లేదు.

పెట్టుకున్నాక నవ్వమన్నాను. ఎవరినైనా నవ్వమంటాను, ఎందుకంటే ఊరికే కూర్చున్న ముఖానికి తీసిన కొలతల్లో ఇది దొరకదు. బుగ్గలు పైకి లేచి ఫ్రేము కింది అంచుని తాకితే జోడు మొత్తం ఎత్తుకుపోతుంది. తనకి ఫ్రేము ఒక వెంట్రుకవాసి పైకి లేచింది. ఇది మెటల్ ఫ్రేము, ముక్కు ప్యాడ్లు వంచుకోవచ్చు. ప్యాడ్లని కాస్త దగ్గరికి వంచి, అద్దాల కింది భాగం బుగ్గలకి తగలకుండా కాడల వంపు సరిచేశాను. మళ్లీ నవ్వింది, కదల్లేదు. ముక్కు దూలం ఎత్తు తక్కువున్నవాళ్లు ప్యాడ్లు లేని ప్లాస్టిక్ ఫ్రేము తీసుకుంటే ఈ సర్దుబాటుకి వీలుండదు. మన దగ్గర అలాంటి ముక్కులు చాలానే ఉంటాయి. ముక్కు దూలం ఎత్తు ఎదురు నుంచి తీసిన ఏ కొలతలోనూ పడదు, పక్క నుంచి చూడాల్సిందే. కాబట్టి నా కాగితం మీది అంకెలతో కూడా పని పూర్తవదు, తల మీద పెట్టి చూడాలి.

కాగితం మడిచి పర్సులో పెట్టుకుంటూ, "ఇంతకీ నాది ఏ షేపు అని రాసుకోవాలి అక్కా?" అని మళ్లీ అడిగింది. ముఖం వెడల్పు 130, కంటిపాపల దూరం 60, కింది భాగం ఒక సెంటీమీటరు ఎక్కువ, అని రాసుకోమన్నాను. ఏ ఊళ్లో ఏ షాపుకి వెళ్లినా ముందు అవి చెప్పి, తర్వాత ఫ్రేము పెట్టి చూసుకుంటే చాలు.

అప్పటిదాకా బెంచీ మీద కూర్చుని చూస్తున్న అమ్మమ్మ, "నాకు కూడా ఓసారి కొలిచి చూడమ్మాయ్" అని వచ్చి కుర్చీలో కూర్చుంది. చెంపలు 12.8, మనవరాలికి దాదాపు సమానం. ముక్కు కింద నుంచి గడ్డానికి మాత్రం 5.5 వచ్చింది. మూడుసార్లు చూసినా అంతే. నోరు తెరవమంటే పైన కింద పళ్లు లేవు, కట్టుడు పళ్లు ఇంట్లో గ్లాసులో ఉన్నాయట, షాపుకే కదా అని పెట్టుకోలేదట. పళ్లు లేకపోతే దవడలు దగ్గరికి వచ్చేసి కింది భాగం కురచవుతుంది, బుగ్గలు కూడా ఫ్రేముకి దగ్గరగా వస్తాయి. ఆవిడ కాగితం మీద ఆ ఒక్క అంకె ఖాళీ ఉంచి, రేపు పళ్లు పెట్టుకుని రమ్మన్నాను.